గొంతు బొంగురు తగ్గకపోతే చేసే లారింగోస్కోపీ: కెమెరాతో ఏం చూస్తారు, ఎలా చూస్తారు

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు, ప్రైమరీ స్కూల్లో టీచరు. మూడు నెలలుగా గొంతు బొంగురు. యాంటీబయాటిక్స్ ఒక కోర్సు, గ్యాస్ మాత్రలు నెల రోజులు వాడాం, తగ్గలేదు. ఇప్పుడు ఈఎన్‌టీ డాక్టరుగారు ముక్కులోంచి కెమెరా వేసి చూడాలంటున్నారు. అమ్మ చాలా భయపడుతోంది. నొప్పి ఉంటుందా? మత్తు ఇస్తారా? దానికన్నా స్కాన్ తీయించేస్తే సరిపోదా? ఈ మధ్య నీళ్లు తాగినప్పుడు పొలమారుతోంది కూడా.

సమాధానం:

నొప్పి అనేంత ఉండదు. ముక్కులో ఒత్తిడిగా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుగా ఉంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మత్తు ఇవ్వరు, ముక్కు మొద్దుబారే మందు పెడతారంతే. అమ్మగారు కుర్చీలో కూర్చుని మెలకువగానే ఉంటారు. కెమెరా లోపల ఉండేది రెండు మూడు నిమిషాలు. స్కాన్ దీనికి బదులు కాదు. అవసరమైతే దీని తర్వాత తీస్తారు, అదీ ఇందులో ఏం కనబడిందో దాన్ని బట్టి. మూడు నెలలైంది కాబట్టి ఇంక వాయిదా వేయకండి. బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను ఒకసారి కళ్లతో చూడాలన్నది మేం పాటించే లెక్క. చూడకుండా గ్యాస్ మాత్రలు మార్చి మార్చి ఇవ్వడం చీకట్లో రాయి వేయడమే.

మీరు చివర్లో ఒక్క వాక్యంగా రాసిన పొలమారడం సంగతి నాకు మిగతా అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. డాక్టరుగారికి మాత్రం ఆ మాట ముందే చెప్పండి.

మెలకువగా ఎందుకు చూడాలి

స్వరతంతువులు అని పేరే గానీ అవి తీగల్లా ఉండవు. శ్వాసనాళం పైన గుమ్మానికి రెండు తలుపు రెక్కల్లా ఉండే మెత్తటి మడతలు. ఊపిరి తీసుకున్నప్పుడు రెండూ తెరుచుకుంటాయి. మాట్లాడినప్పుడు దగ్గరికి వచ్చి కలుస్తాయి, వాటి అంచులు కింది నుంచి వచ్చే గాలికి అదురుతాయి. ఆడవాళ్లలో ఆ అదురు సెకనుకు దాదాపు 200 సార్లు, మగవాళ్లలో 100 నుంచి 120 సార్లు. మింగేటప్పుడు గట్టిగా మూసుకుని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపలా కాస్తాయి.

గొంతు బొంగురుపోయిందంటే ఈ తలుపుల్లో ఏదో తేడా వచ్చిందన్నమాట. అంచు మీద ఏదో లేచి ఉండొచ్చు, రెక్క బిరుసెక్కి ఉండొచ్చు, లేదా ఒక రెక్క కదలకుండా ఆగిపోయి ఉండొచ్చు. మూడో రకాన్ని బొమ్మ చూసి పట్టుకోలేం, కదలిక చూడాలి. మత్తులో పడుకోబెట్టి చూస్తే మాట ఉండదు, మాట లేకపోతే ఆ కదలికా ఉండదు. సీటీ స్కాన్‌తోనూ ఇదే ఇబ్బంది. అది మనిషి ఊపిరి బిగబట్టి పడుకున్న క్షణాన్ని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడిపె, పైపొర మీది తెల్లమచ్చ అందులో తప్పిపోవచ్చు. అంచు అదరడం అసలే కనబడదు.

మనిషి మాట్లాడుతుండగా స్వరతంతువులను చూడటానికి దారి వేసింది కూడా డాక్టరు కాదు, పాట నేర్పే మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అనే ఆయన 1854లో పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకుని, ఎండ వెలుతురును దాని మీదికి మళ్లించి తన స్వరతంతువులను తానే చూసుకున్నాడు. మొన్నమొన్నటి వరకూ మేమూ ఆ అద్దంతోనే, స్పిరిట్ దీపం మీద కాస్త వెచ్చజేసి చూసేవాళ్లం. ఇప్పుడు అద్దం స్థానంలో కెమెరా వచ్చింది.

వెళ్లే ముందు

పరగడుపున ఉండాల్సిన పని లేదు. కడుపు నిండా తిని మాత్రం వెళ్లొద్దు. రెండు గంటల ముందు ఇడ్లీలాంటి తేలికైనది తింటే చాలు. అసలు తినకుండా వెళ్లినవాళ్లకే ఒక్కోసారి భయంతో కళ్లు తిరిగి కుర్చీలోనే సొమ్మసిల్లే పరిస్థితి వస్తుంది.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పండి. చూడటానికి మాత్రమే అయితే సాధారణంగా వాటిని ఆపనక్కర్లేదు, కానీ ముక్కు గీసుకుంటే రక్తం ఎక్కువసేపు కారుతుందని మాకు తెలిసి ఉండాలి. పళ్ల డాక్టరు దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ పడక ఇబ్బందైన సందర్భం ఉంటే అదీ చెప్పండి, ఇక్కడ వాడేదీ ఆ జాతి మందే. ముక్కులో ఎముక వంకర ఉందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే ఏ పక్కో చెబితే రెండో పక్క నుంచి వెళ్తాం. థైరాయిడ్, మెడ, గుండె, ఛాతీ ఆపరేషన్లు ఎప్పుడో పదేళ్ల కిందట జరిగినా చెప్పాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

కుర్చీలో కూర్చున్నాక

మొదట ముక్కు. లిగ్నోకెయిన్ అనే మొద్దుబారే మందును, ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కల మందును కలిపి, దూదిని సన్నటి వత్తిలా చేసి అందులో తడిపి ముక్కులో పెడతారు. కొన్నిచోట్ల స్ప్రే కొడతారు. అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే ముఖ్యం. తొందరపడి రెండో నిమిషంలోనే స్కోపు పెడితే మంట తెలుస్తుంది, ఆ మొదటి అనుభవం చెడితే పేషెంటు తర్వాత ఇంక సహకరించరు.

మందు వెనక్కి జారి గొంతులోకి చేదుగా దిగుతుంది. కాసేపటికి గుటక పడనట్టు, గొంతు వాచిపోయినట్టు అనిపిస్తుంది. పరీక్ష మొత్తంలో ఎక్కువమంది భయపడేది ఈ క్షణంలోనే, కెమెరా పెట్టినప్పుడు కాదు. నిజానికి గుటక పడుతూనే ఉంటుంది, ఊపిరీ ఆడుతూనే ఉంటుంది. పడుతున్నట్టు తెలియదంతే. అమ్మగారికి ఈ ఒక్క ముక్క ముందే చెప్పి తీసుకెళ్లండి, సగం భయం తగ్గుతుంది.

తర్వాత స్కోపు. 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంలో, వంగే నల్లటి గొట్టం. కడుపు ఎండోస్కోపీ గొట్టం దీనికి రెండు మూడింతలు లావు, పైగా నోట్లోంచి వెళ్తుంది. జనం ఆ రెంటినీ ఒకటే అనుకుని హడలిపోతుంటారు. ఈ గొట్టానికి జెల్లీ రాసి (అద్దానికి తగలకుండా, తగిలితే బొమ్మంతా మసకే) ముక్కు నేల వెంబడి మెల్లగా లోపలికి పంపుతారు. బిగుతుగా అనిపించేది అక్కడే, నాలుగైదు సెకన్లు. తుమ్ము రావచ్చు. వస్తోందంటే చెయ్యి ఎత్తమనండి, తల మాత్రం విదిలించొద్దు.

గొట్టం ముక్కు వెనక్కి చేరాక "నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకోండి" అంటారు. అది ఊరికే ధైర్యానికి చెప్పే మాట కాదు. ముక్కుతో పీలిస్తే వెనకవైపు మెత్తటి అంగిలి కిందికి వాలి దారి తెరుచుకుంటుంది, నోటితో పీలిస్తే పైకి లేచి దారి మూసుకుపోతుంది. అక్కడి నుంచి గొట్టం కొస కిందికి వంగుతుంది. నాలుక మొదలు, ఆకులాంటి ఎపిగ్లాటిస్ మూత, దాని వెనక స్వరపేటిక ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికి వస్తాయి. నోటి దారిలో అంగిలికీ నాలుక వెనకభాగానికీ ఏదైనా తగిలితే డోకు వస్తుంది. ముక్కు దారిలో గొట్టం వాటిని చాలావరకు తప్పించుకుని పోతుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

తెర మీద స్వరతంతువులు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో రెండు తెల్లటి పట్టీలుగా కనబడతాయి. అమ్మగారి ఎడమ తంతువు మీరు చూస్తున్నప్పుడు మీ కుడిచేతి వైపు ఉంటుంది, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసినట్టే. రిపోర్టులో ఎడమ అంటే పేషెంటు ఎడమ. ఇది తిరగేసి చదువుకుని కంగారుపడే ఇంటివాళ్లు చాలామంది.

లోపలికి వెళ్లాక చేయించే పనులు

ముందు ఏమీ అనకుండా ఊరికే ఊపిరి తీసుకోమంటారు. రెండు రెక్కలూ సమానంగా తెరుచుకుంటున్నాయా అని చూస్తారు. తర్వాత "ఈ..." అని మూడు నాలుగు సెకన్లు సాగదీయమంటారు. "ఆ" కాకుండా "ఈ" ఎందుకంటే, "ఈ" అన్నప్పుడు నాలుక ముందుకు జరిగి దాంతోపాటు ఎపిగ్లాటిస్ కూడా ముందుకు లేస్తుంది, కింద ఉన్నది విప్పారి కనబడుతుంది. కింది స్థాయి నుంచి పై స్థాయికి స్వరం జరపమంటారు. దగ్గమంటారు. కొన్నిసార్లు మామూలు మాటలు చెప్పించి చూస్తారు. టీచరుగారైతే రెండో ఎక్కం చెప్పమంటే సరి, రోజూ వాడే గొంతే వినబడుతుంది, కనబడుతుంది.

వీటిలో నేను ఎప్పుడూ వదలనిది ఒకటుంది: "ఈ" అని, వెంటనే ముక్కుతో ఒక్క ఎగపీల్పు, మళ్లీ "ఈ", మళ్లీ ఎగపీల్పు. ఆపకుండా అయిదారుసార్లు. "ఈ"కి తలుపులు మూసుకోవాలి, ఎగపీల్పుకి బార్లా తెరుచుకోవాలి. ఒక నరం కొంచెం బలహీనపడి ఉంటే మొదటి రెండుసార్లు రెండు రెక్కలూ సమానంగానే ఉంటాయి. నాలుగోసారికి ఒకటి వెనకబడుతుంది. ఒకే ఒక్క "ఈ" అనిపించి ఫోటో తీసి గొట్టం బయటికి లాగేస్తే ఈ తేడా ఎవరికీ దొరకదు. అందుకే ఫోటో ఉన్న కాగితం ఒక్కటే కాకుండా వీడియో కూడా అడిగి తీసుకోండి. పెన్ డ్రైవ్ తీసుకెళ్తే చాలాచోట్ల ఎక్కించి ఇస్తారు. రేపు రెండో అభిప్రాయానికి వెళ్లినా, ఆరు వారాల తర్వాత పోల్చి చూడాలన్నా పనికొచ్చేది అదే.

పరీక్ష సరిగా రాని సందర్భాలూ ఉంటాయి. అద్దం మీద కళ్లె అంటుకుని అంతా తెల్లబారుతుంది, ఒక గుటక వేయిస్తే తుడుచుకుపోతుంది. కొందరు భయంతో గొంతు బిగిస్తారు, అప్పుడు స్వరతంతువుల పైన ఉండే మరో జత మడతలు మీదికి వచ్చి కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. స్కోపు మధ్యగీతకు పక్కగా ఉంటే దగ్గరి రెక్క పొడుగ్గా, దూరపు రెక్క పొట్టిగా, కదలనట్టుగా భ్రమ కలుగుతుంది. దీనికి తిరగబడ్డ మోసం ఇంకొకటి: పడిపోయిన తంతువు కూడా కొంచెం కదిలినట్టే ఉంటుంది, ఎందుకంటే బాగున్నది వచ్చి దాన్ని ఢీకొడుతుంది. తనంత తాను కదలడం, తోస్తే కదలడం ఒకటి కాదు. ఈ తేడా పట్టుకోవడానికే వీడియోను మెల్లగా నడిపి మళ్లీ చూస్తాం.

స్ట్రోబోస్కోపీ అని రాస్తే

కొన్ని చోట్ల రాసిన చీటీలో వీడియో స్ట్రోబోస్కోపీ అని ఉంటుంది. ట్యూబులైటు వెలుతురులో తిరిగే ఫ్యాను ఒక్కోసారి నింపాదిగా, వెనక్కి తిరుగుతున్నట్టు కనబడుతుంది చూడండి, కిటుకు అదే. మెడ మీద ఆనించిన చిన్న మైకు గొంతు అదిరే వేగాన్ని పట్టుకుంటుంది. దీపం ఆ వేగానికి కాస్త తేడాగా వెలిగి ఆరుతూ ఉంటుంది. దాంతో సెకనుకు 200 సార్లు అదిరే అంచు సెకనుకు ఒకటి రెండు అలలుగా, చెరువులో నీటి అలలా కనబడుతుంది. దీనికి ముక్కు స్కోపు వాడొచ్చు, లేదా నోట్లోంచి పెట్టే వంగని, కొస పక్కకు చూసే గొట్టం వాడొచ్చు. నోటి గొట్టంతో బొమ్మ ఇంకా స్పష్టం. కానీ నాలుక బయటికి చాపి గుడ్డతో పట్టుకోవాలి, కట్టుడుపళ్లు తీసేయాలి, డోకు ఎక్కువ, మామూలు మాటలు చెప్పలేరు.

టీచర్ల విషయంలో దీని ఉపయోగం ఎక్కడంటే, బుడిపె రకం తేల్చడంలో. గట్టిగా మాట్లాడీ మాట్లాడీ రెండు తంతువులూ ఒకదానికొకటి తగిలే చోట, అంటే ముందు మూడోవంతూ మధ్య మూడోవంతూ కలిసే దగ్గర, గునపం పట్టిన చేతికి కాయలు కాసినట్టే కాయలు కాస్తాయి. వీటినే నాడ్యూల్స్ అంటాం. రెండు వైపులా ఎదురెదురుగా ఉంటాయి. "ఈ" అన్నప్పుడు మధ్యలో బుడిపెలు మాత్రం తగిలి, ముందూ వెనకా సందు మిగులుతుంది, డమరుకం ఆకారంలో. ఆ సందుల్లోంచి పోయే గాలే బొంగురు. అల మాత్రం వీటి మీదుగా సాగిపోతుంది. వీటికి మందు మాట్లాడే తీరు మార్చుకోవడం, స్పీచ్ థెరపీ. ఆపరేషన్ మాట చాలా తర్వాత. అదే ఒక వైపు లోపల తిత్తి ఉంటే పైకి చూడటానికి బుడిపెలాగే ఉంటుంది, ఎదుటి తంతువు మీద దాని రాపిడికి చిన్న కాయ కూడా లేవచ్చు. కానీ స్ట్రోబ్ వెలుతురులో అల అక్కడికి వచ్చి ఆగిపోతుంది. అది సాధనతో కరగదు, తీయాల్సి వస్తుంది. మామూలు వెలుతురులో రెంటినీ ఒకటే అనుకుని ఆరు నెలలు థెరపీ చేయించి లాభం లేకపోవడం జరుగుతుంటుంది.

గొంతు మరీ గరుకుగా, అదురు లయ తప్పి ఉంటే మైకు వేగాన్ని పట్టుకోలేదు, దీపం కలిసి రాదు. అప్పుడు స్ట్రోబ్ ఏమీ చెప్పదు. రిపోర్టులో ఆ సంగతి రాసి ఉండాలి.

తెల్లమచ్చ, ఎరుపు

తంతువు మీద తెల్లమచ్చ కనబడితే అది ఏమిటో కెమెరా చెప్పలేదు. గట్టిబడిన మామూలు పొర కావచ్చు, క్యాన్సర్‌గా మారగల దశ కావచ్చు, మొదటి దశ క్యాన్సరూ కావచ్చు. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించని వాళ్లలో బూజు తెట్టు కూడా అలాగే తెల్లగా ఉంటుంది. తేల్చేది ముక్క పరీక్షే. దానికి మత్తు ఇచ్చి, నోట్లోంచి లోహపు గొట్టం పెట్టి, మైక్రోస్కోపు కింద ముక్క తీస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లలో దీన్ని అసలు వాయిదా వేయకూడదు. స్వరతంతువు క్యాన్సర్‌లో ఒక మంచి గుణం ఉంది: అంచు మీద చిన్నది మొలిచినా గొంతు వెంటనే మారుతుంది. ఆ దశలోనే చూస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి లేజర్‌తోనో రేడియేషన్‌తోనో జబ్బు అదుపులోకి వస్తుంది.

మన దగ్గర మరిచిపోకూడనిది టీబీ. స్వరపేటికలో టీబీ పుండ్లు క్యాన్సర్‌లాగే కనబడగలవు. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష కూడా అదే వారంలో చేయిస్తాం.

ఎరుపు సంగతికొస్తే, నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. "వెనక భాగం ఎర్రగా, వాపుగా ఉంది, యాసిడ్ పైకి తన్నుతోంది" అని రాసిన రిపోర్టులు లెక్కలేనన్ని వస్తాయి. ఏ బాధా లేనివాళ్లలో చూసినా ఆ ఎరుపు చాలామందికి కనబడుతుంది. బాగా దగ్గినా, గొంతు సకిలించినా వస్తుంది. ఎరుపు ఒక్కదాన్ని పట్టుకుని గ్యాస్ అని తేల్చకూడదు. ఇప్పటికే నెల రోజుల మాత్రలకు లొంగలేదు కదా, రిపోర్టులో మళ్లీ అదే ఒక్క వాక్యం వస్తే, "తంతువుల కదలిక ఎలా ఉంది?" అని అడగండి.

ఇప్పుడు పొలమారడం

నాడ్యూల్స్ ఉన్నవాళ్లకు గొంతు బొంగురుపోతుంది గానీ నీళ్లు పొలమారవు, ఎందుకంటే మింగేటప్పుడు తలుపులు గట్టిగా మూసుకోగలుగుతూనే ఉంటాయి. బొంగురుతోపాటు పల్చటి నీళ్లు పొలమారుతున్నాయంటే తలుపు పూర్తిగా పడటం లేదేమో అని అనుమానించాలి. గుర్తుపట్టడానికి ఇంట్లో ఒక చిన్న లెక్క ఉంది. నిండా ఊపిరి తీసుకుని "ఆ..." అని ఒక్క బిగిలో ఎన్ని సెకన్లు అనగలరో చూడండి, మూడుసార్లు చేయించి ఎక్కువ వచ్చినది తీసుకోండి. పెద్దవాళ్లలో 15 సెకన్లు, ఆపైన రావాలి. పదికి కిందే ఆగిపోయి, గొంతు గరుకుగా కాక గాలి పోతున్నట్టు, గుసగుసలా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. ఇది పరీక్షకు బదులు కాదు, డాక్టరుగారికి చెప్పడానికి ఒక అంకె మాత్రమే.

అలాంటి కేసు ఎలా నడుస్తుందో చెబుతాను. 61 ఏళ్ల మనిషి, బీడీలు మానేసి అయిదేళ్లు. రెండు నెలలుగా గాలి గొంతు, నీళ్లు తాగితే దగ్గు. "ఆ" అయిదు సెకన్లకు మించి రాదు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది, మెడ అల్ట్రాసౌండ్ బాగుంది అని కాగితాలు. స్కోపులో ఎడమ తంతువు మధ్యగీతకు కొంచెం పక్కన ఆగిపోయి ఉంది. "ఈ" అన్నప్పుడు కుడిది వచ్చి దాన్ని తట్టింది, అది ఊగింది, అంతే. ఎగపీల్పుకి కుడిది తెరుచుకుంది, ఎడమది అక్కడే ఉంది. ఎడమ పక్కన మింగే దారిలో లాలాజలం మడుగు కట్టి ఉంది. తంతువు మీద గడ్డ లేదు, మచ్చ లేదు, తెల్లగా, నున్నగా ఉంది. ఫోటోలో చూస్తే ఎవరైనా బాగుందనే అంటారు.

జబ్బు తలుపులో లేదు, తలుపును కదిపే నరంలో ఉంది. ఆ నరం వచ్చే దారి విచిత్రం. మెదడు దగ్గర బయల్దేరి మెడలో కిందికి దిగుతుంది. ఎడమవైపుది స్వరపేటికను దాటుకుని ఛాతీలోకి వెళ్లి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు కింద చుట్టి, మళ్లీ మెడలోకి ఎక్కి స్వరపేటికకు చేరుతుంది. కుడివైపుది భుజానికి వెళ్లే ధమనిని చుట్టి పైనుంచే తిరిగొచ్చేస్తుంది. ఎడమదానికి దారి ఎక్కువ కాబట్టి దెబ్బతినే చోట్లూ ఎక్కువ. థైరాయిడ్, గుండె ఆపరేషన్ల గురించి అడిగింది ఇందుకే. ఇక్కడ సీటీ రాశాం, పుర్రె అడుగు నుంచి ఛాతీ దాకా, నరం నడిచే దారంతా. మెడ వరకే తీస్తే ఎడమ నరం దారిలో సగం వదిలేసినట్టే. ఆయనకు పెద్ద ధమని వంపు కింద గ్రంథులు ఉబ్బి ఉన్నాయి, ఎక్స్‌రేలో గుండె నీడ వెనక దాగినవి. ముక్క తీస్తే ఊపిరితిత్తి క్యాన్సర్ అని వచ్చింది. బొంగురు గొంతే మొదటి లక్షణం.

ఇది చదివి అమ్మగారికీ అదేనని అనుకోకండి. తంతువు ఆగిపోయినవాళ్లలో థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత వచ్చినవాళ్లు ఉంటారు, టీబీ గ్రంథులవాళ్లు ఉంటారు, జలుబు జ్వరం తర్వాత నరం వాచినవాళ్లు ఉంటారు. సీటీలో ఏ కారణమూ దొరకనివాళ్లు కూడా తక్కువేం కాదు, వాళ్లలో కొందరికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కదలిక దానంతట అదే తిరిగొస్తుంది. ఈ లోపు పొలమారడం ఎక్కువగా ఉంటే ఆగిపోయిన తంతువులోకి జెల్ ఎక్కించి కాస్త ఉబ్బేలా చేస్తాం, బాగున్న తంతువు వచ్చి దానికి ఆనుతుంది. అక్కడికక్కడే గొంతు మారడం వినబడుతుంది. జెల్ కొన్ని నెలలకు కరిగిపోతుంది, అప్పటికీ కదలిక రాకపోతే శాశ్వతంగా పక్క నుంచి నెట్టి పెట్టే ఆపరేషన్ ఉంది. అసలు నరం సమస్యే కాకుండా, వయసుతో తంతువులు పల్చబడి మధ్యలో సందు పడటం కూడా ఉంటుంది. 54కి కొంచెం తొందరే గానీ లేకపోలేదు. దానికి చాలావరకు సాధన చాలు.

పరీక్ష అయ్యాక

మొద్దుబారడం పోయేదాకా, సుమారు ఒక గంట, ఏమీ తినొద్దు, తాగొద్దు. గొంతుకు స్పర్శ లేనప్పుడు నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు, అమ్మగారికి ముందే పొలమారుతోంది కాబట్టి ఈ గంట కచ్చితంగా పాటించండి. తర్వాత మొదట ఒక చెంచా నీళ్లు తాగించి చూడండి. ముక్కులోంచి ఒకటి రెండు రక్తపు చారలు రావచ్చు, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. సాయంత్రం దాకా గొంతు గరగరలాడవచ్చు. మరుసటి రోజు స్కూలుకు వెళ్లొచ్చు.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు నీళ్లు గటగటా తాగనివ్వకండి. నిటారుగా కూర్చుని, గడ్డం ఛాతీవైపు దించి, కొంచెం కొంచెంగా గుటకలు వేయమనండి. తాగిన తర్వాత దగ్గుతోపాటు జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, కళ్లెలో రక్తం కనబడితే, మెడలో గడ్డ తగిలితే ఆ తేదీ కోసం ఆగకుండా ముందే చూపించండి. ఊపిరి తీసుకునేటప్పుడు కీచుమని శబ్దం వస్తే మాత్రం అది ఓపీలో స్కోపు వేసే కేసు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.